బండ ఎన్ని రోజులొచ్చింది? నిజాంపేట ఫ్లాట్‌లో ఓ గ్యాస్ పంచాయితీ

నవంబర్ 29, శనివారం రాత్రి తొమ్మిదిన్నర. స్టవ్ మీద గుడ్డు పులుసు సగం ఉడికింది. మంట ఒక్కసారి ఎగిరి, చిన్నదై, ఆరిపోయింది. నేను లైటర్ నాలుగుసార్లు నొక్కాను. లాభం లేదు.

"అప్పుడే అయిపోయిందా?" అన్నాడు హాల్లోంచి కర్నూలు.

మాది నిజాంపేటలో నాలుగో అంతస్తు ఫ్లాట్. నలుగురం ఉంటాం. పేర్లు ఉన్నాయి కానీ ఎవరూ వాడరు, ఊళ్లతోనే పిలుచుకుంటాం. కర్నూలు, ఖమ్మం, రాజమండ్రి, నేను వరంగల్. గ్యాస్ కనెక్షన్ కర్నూలు పేరు మీద ఉంది, డబుల్ సిలిండర్. ఇంటి లెక్కలు కూడా వాడివే. వాడు ఫోన్ తీసి గ్యాస్ మార్చిన తేదీలు చూశాడు.

"దీనికి ముందు బండ సెప్టెంబర్ 20న పెట్టాం, నవంబర్ 2 దాకా వచ్చింది. 44 రోజులు. ఇది నవంబర్ 3న పెట్టాం, ఇవాళ్టికి 27 రోజులు."

17 రోజుల తేడా! మా అందరికీ ఒకటే అనుమానం వచ్చింది. ఎవరో బండలోంచి గ్యాస్ తీసేశారు. ఆ ఎవరో అంటే, మా కళ్లకు కనిపించే మనిషి ఒక్కడే, నెల నెలా నాలుగంతస్తులు ఎక్కి బండ దించి వెళ్లే డెలివరీ అన్న.

ఆ తర్వాత ఏం జరిగిందో చెప్పేముందు ఒప్పుకోవాల్సింది ఒకటుంది. ఆ అనుమానం తప్పు. తప్పని తేలడానికి మాకు పది రోజులు, ఒక బరువు మెషిన్ పట్టాయి. అసలు దొంగ ఎవరో చివర్లో చెప్తా.

గుమ్మం దగ్గర గొడవ

ఆదివారం పొద్దున బాల్కనీలో ఉన్న రెండో బండ పెట్టేసి, ఖాళీ దానికి రీఫిల్ బుక్ చేశాం. మంగళవారం, డిసెంబర్ 2న అన్న వచ్చాడు. లిఫ్ట్ ఆ రోజు కూడా పనిచేయట్లేదు. భుజం మీద బండతో మెట్లెక్కి వచ్చి గుమ్మంలో దించాడు. ఓటీపీ చెప్పాం, 905 రూపాయలు ఆన్‌లైన్‌లో ముందే కట్టేశాం. మామూలుగా అయితే చేతిలో ఓ 50 పెడతాం. ఆ రోజు పెట్టలేదు.

"అన్నా, పోయినసారి తెచ్చిన బండ 27 రోజులకే అయిపోయింది. సగం బండ తెచ్చావా ఏంది?" అన్నాను. నవ్వుతూ అన్నాననుకున్నా కానీ, నా గొంతులో నవ్వు లేదని నాకే తెలుస్తోంది.

ఆయన చెమట తుడుచుకుని, కిందికి వెళ్లి ఆటోలోంచి స్ప్రింగ్ త్రాసు తెచ్చాడు. మళ్లీ నాలుగంతస్తులు. "సార్, బండ నింపేది నేను కాదు, ప్లాంట్ల నింపుతరు. డౌట్ ఉంటే ఇక్కడ్నే తూకం చూస్కోండ్రి. అడిగితే తూస్తం, ఎవ్వరూ అడగరు" అన్నాడు.

బండ పైన చేతులు పట్టుకునే రింగు ఉంటుంది కదా, దాన్ని పట్టి ఉంచే ఇనుప పట్టీల మీద ఖాళీ బండ బరువు రాసి ఉంటుంది. కొత్త బండ మీద 15.6 అని ఉంది. ఇంటి సిలిండర్‌లో గ్యాస్ 14.2 కిలోలు ఉండాలి. రెండూ కలిపితే 29.8. త్రాసు ముల్లు అక్కడే ఆగింది. సీలు కూడా సరిగ్గానే ఉంది. ఖాళీ బండ కూడా తూచాం. దాని మీద 15.9 అని ఉంటే, తూకం 15.9 వచ్చింది. అంటే అడుగున గ్యాస్ ఏమీ మిగిలిపోలేదు.

"ఇది సరే, పోయినసారిది?" అన్నాను, మొండిగా. దానికి ఆయన దగ్గర జవాబు లేదు. ఎవరి దగ్గరా ఉండదు. వాడేసిన బండ ఎంత నిండుగా వచ్చిందో తర్వాత తేల్చలేం. తూకం అనేది తీసుకునేటప్పుడు చూడాల్సిన విషయం. ఆయన ఖాళీ బండ ఎత్తుకుని, టిప్ అడగకుండా దిగిపోయాడు.

ముందు రోజులు సరిగ్గా లెక్కపెట్టాలి

ఆ రాత్రి కూర్చుని అసలు మా గ్యాస్ ఖర్చు నెలకి ఎంతో చూద్దాం అనుకున్నాం. అప్పటిదాకా అడిగితే "నెలకి 905" అనేవాళ్లం. అది బండ ధర, నెల ఖర్చు కాదు. బండకీ క్యాలెండర్‌కీ సంబంధం లేదు. లెక్క ఇంతే:

నెల ఖర్చు = (బండ ధర + టిప్) ÷ వచ్చిన రోజులు × 30

ధర, టిప్ అందరికీ తెలుసు. తప్పంతా ఆ రోజుల దగ్గరే జరుగుతుంది. డెలివరీ మెసేజ్ వచ్చిన తేదీ చూసి లెక్కపెడితే తప్పు, ఎందుకంటే డబుల్ సిలిండర్ ఉన్నవాళ్ల ఇంట్లో కొత్త బండ రెండు వారాలు బాల్కనీలో కూర్చుంటుంది. రెగ్యులేటర్ పెట్టిన రోజు నుంచి లెక్కపెట్టాలి. ఆ తేదీ ఎక్కడైనా రాసుకోవాలి. కర్నూలు అది రాశాడు కాబట్టే ఈ కథ తేలింది.

ఇంకోటి, ఇంట్లో ఎవరూ లేని రోజులు తీసేయాలి. మేం మొదటి బండ 44 రోజులు వచ్చిందన్నాం. కానీ మధ్యలో దసరా ఉంది. నలుగురం ఊళ్లకి పోయాం, ఆరు రోజులు ఫ్లాట్‌కి తాళం. అంటే స్టవ్ వెలిగింది 38 రోజులే. 17 రోజుల తేడా అనుకున్నది నిజానికి 11 రోజులు. అన్న మీద మా కేసు అక్కడే సగం బలహీనపడింది.

ఇప్పుడు లెక్క చూడండి. బండ 905, టిప్ 50, మొత్తం 955 రూపాయలు.

38 రోజులు వస్తే నెలకి 754 రూపాయలు.
27 రోజులే వస్తే నెలకి 1,061 రూపాయలు.

తేడా 307 రూపాయలు. ధర అదే, టిప్ అదే, స్టవ్ కూడా అదే.

టిప్ ఎంత బరువు?

"ముందు ఆ యాభై ఆపేద్దాం" అన్నాడు ఖమ్మం. సరే, ఆపితే ఎంత మిగులుతుందో చూశాం. 38 రోజులకి ఒక బండ చొప్పున, 50 రూపాయల టిప్ నెలకి 40 రూపాయలు పడుతుంది. నలుగురికి పంచితే తలా పది. మెట్రో దిగాక జేఎన్‌టీయూ దగ్గర ఒక టీ డబ్బులు.

ఇంకో పోలిక కూడా దొరికింది. 2025 ఏప్రిల్ 8న గ్యాస్ ధర 50 రూపాయలు పెరిగింది. హైదరాబాద్‌లో 855 ఉన్నది 905 అయింది. ఆ రోజు మా ఆఫీసు క్యాంటీన్‌లో అదే టాపిక్. ఆ పెంపు కూడా మా ఇంటి మీద వేసిన భారం నెలకి అదే 40 రూపాయలు. ధర పెరిగితే వార్త అవుతుంది. బండ 11 రోజులు ముందే అయిపోయి నెలకి 307 పోతే మాత్రం ఎవరికీ తెలియదు.

టిప్ విషయంలో రూల్ ఏంటో కూడా చెప్పాలి. బిల్లులో ఉన్న ధరలోనే డెలివరీ చార్జీ కలిసి ఉంటుంది. ఎన్నో అంతస్తయినా గుమ్మం దాకా తెచ్చివ్వాలి. బిల్లు కంటే ఎక్కువ ఇవ్వమని ఎవరైనా పట్టుబడితే ఇవ్వక్కర్లేదు, టోల్‌ఫ్రీ నంబర్ 1800-233-3555కి ఫోన్ చేసి ఫిర్యాదు చేయొచ్చు. మనమే వెళ్లి గోడౌన్‌లో బండ తెచ్చుకుంటే ఆ డెలివరీ చార్జీ తగ్గించి తీసుకోవాలి కూడా. అంటే టిప్ అనేది మన ఇష్టం. కానీ ముప్పై కిలోల ఇనుమును లిఫ్ట్ లేని నాలుగో అంతస్తుకి మోసిన మనిషికి మనం ఇష్టంగా ఇచ్చేదాన్ని, దొంగతనం అనుమానంతో ఆపేయడం వేరే విషయం. ఆ రాత్రి అది నాకు ఇంకా ఎక్కలేదు.

ఒక మాట. రాష్ట్ర ప్రభుత్వం 2024 ఫిబ్రవరి 27న మొదలుపెట్టిన 500 రూపాయల గ్యాస్ పథకం మీ ఇంటికి వర్తిస్తుంటే, ముందు పూర్తి ధర కట్టినా తర్వాత డబ్బు ఖాతాలో పడుతుంది కాబట్టి లెక్కలో 905 బదులు 500 వేసుకోండి. 38 రోజుల బండకి టిప్‌తో కలిపి నెలకి 434 అవుతుంది. మాలాంటి బ్యాచిలర్ ఫ్లాట్‌కి అది రాదు.

బరువు మెషిన్ మీద బండ

రాజమండ్రికి ఓ ఐడియా వచ్చింది. "పోయిన బండ సంగతి తేలదు. ఇప్పుడు నడుస్తున్న దాన్ని తూస్తే, మనం రోజుకి ఎంత వాడుతున్నామో తెలుస్తుంది కదా?"

పక్క ఫ్లాట్ ఆంటీ దగ్గర మనుషులు బరువు చూసుకునే డిజిటల్ మెషిన్ ఉంది. దాని మీద చిన్న చెక్క పీట వేసి, బండ నిలబెట్టాం. పీట బరువు తర్వాత తీసేశాం. తూచే ముందు నాబ్ ఆఫ్ చేసి, రెగ్యులేటర్ తీసి, మూత పెట్టాలి. రబ్బరు పైపు వేలాడుతుంటే తూకం తప్పు వస్తుంది. ఇలాంటి మెషిన్ వంద గ్రాములు అటూ ఇటూ చూపిస్తుంది కాబట్టి రోజూ తూస్తే ఏమీ అర్థం కాదు. వారానికి ఒకసారి, ఒకే టైమ్‌కి తూస్తే చాలు.

నడుస్తున్న బండ మీద రాసి ఉన్న ఖాళీ బరువు 16 కిలోలు. డిసెంబర్ 3, బుధవారం పొద్దున తూస్తే 28.6. అంటే లోపల 12.6 కిలోలు ఉంది. మూడు రోజుల్లో 1.6 కిలోలు వాడాం. రోజుకి అర కిలో పైనే! అంటే పెట్టేటప్పుడు బండ నిండుగానే ఉన్నా, ఇదీ 27 రోజులకే అయిపోతుంది. వారం తర్వాత, డిసెంబర్ 10న తూస్తే 24.9. ఆ వారంలో 3.7 కిలోలు తగ్గింది. అదే వేగం.

గ్యాస్ బండలోకి తక్కువ రాలేదు. మా ఇంట్లోంచి ఎక్కువ పోతోంది.

లీక్ అవుతోందేమో అని భయపడ్డాం. సబ్బు నీళ్ల నురగ పైపు మీద, రెగ్యులేటర్ దగ్గర, స్టవ్ నాబుల దగ్గర పూశాం. లీకుంటే అక్కడ బుడగలు ఉబ్బుతాయి. రాలేదు. అగ్గిపుల్ల గీసి చూడటం మాత్రం ఎప్పుడూ చేయకండి. నిజంగా వాసన వస్తే స్విచ్‌లు ముట్టుకోకుండా, నాబ్ ఆపి, తలుపులు తెరిచి, బయటికొచ్చి 1906కి ఫోన్ చేయాలి. మంట రంగు కూడా చూశాం. పసుపుగా వచ్చి గిన్నెల అడుగు నల్లబడుతుంటే బర్నర్ రంధ్రాలు మూసుకుపోయి గ్యాస్ సరిగ్గా కాలట్లేదని అర్థం. మాది శుభ్రంగా నీలంగానే ఉంది.

మరి ఎక్కడ పోతోంది?

దొంగ దొరికాడు

జవాబు ఖమ్మం చెప్పాడు. వాడిది నైట్ షిఫ్ట్, పొద్దున ఆరింటికి ఇంటికొస్తాడు. "నేనొచ్చేసరికి రోజూ స్టవ్ మీద పెద్ద గిన్నె మరుగుతుంటది. అదేంది మరి?"

అందరూ నా వైపు చూశారు.

నవంబర్ మొదటివారంలో గీజర్ పాడైంది. ఓనర్ "చేయిస్తా బాబూ" అన్నారు, అంతే. చలి మొదలైంది. నేనూ రాజమండ్రీ ఆరింటికి లేచి స్నానానికి తలా పది లీటర్ల నీళ్లు స్టవ్ మీద కాచుకోవడం మొదలుపెట్టాం. మిగతా ఇద్దరూ చన్నీళ్లే. "పది నిమిషాలే కదా" అనుకున్నా. కర్నూలు టైమ్ పెట్టి చూశాడు. పెద్ద బర్నర్ మీద ఒక్క గిన్నెకి దాదాపు అరగంట పట్టింది. ఇద్దరికీ కలిపి రోజూ గంట.

లెక్క కూడా వేశాం. లీటరు నీటిని ఒక డిగ్రీ వేడి చేయడానికి ఒక కిలోకేలరీ కావాలి. పది లీటర్లని 20 డిగ్రీల నుంచి 70కి తేవాలంటే 500 కిలోకేలరీలు. కిలో గ్యాస్ కాలితే దాదాపు 11,000 కిలోకేలరీల వేడి వస్తుంది, కానీ అదంతా నీళ్లలోకి పోదు. ఐఎస్ఐ మార్కు స్టవ్ పరీక్షలో కనీసం 68 శాతం వేడిని గిన్నెకి అందించాలి. మన వంటింట్లో, మూత లేని గిన్నెతో, 60 శాతం అనుకుందాం. అప్పుడు పది లీటర్లకి 76 గ్రాముల గ్యాస్ కావాలి. డబ్బుల్లో చూస్తే దాదాపు ఐదు రూపాయలు.

ఐదు రూపాయలంటే ఏముంది అనిపిస్తుంది. కానీ ఇద్దరికి రోజుకి 152 గ్రాములు. 27 రోజులకి 4.1 కిలోలు. బండలో పావు వంతు పైనే మా స్నానానికి పోయింది.

సరిగ్గా ఆ డిసెంబర్ 10నే గీజర్ బాగు చేయించాం, ఖర్చు అద్దెలో తగ్గించుకుంటామని ఓనర్‌కి చెప్పి. స్టవ్ మీద నీళ్లు కాచడం ఆపేశాం. డిసెంబర్ 17న తూకం 22.3. వారంలో 2.6 కిలోలే తగ్గింది. రోజుకి 370 గ్రాముల చొప్పున. ఈ లెక్కన నిండు బండ 38 రోజులు వస్తుంది. దసరా రోజులు తీసేశాక వచ్చిన అంకె కూడా అదే కదా.

అన్న తెచ్చిన ఆ బండ నిండుగానే వచ్చింది. దొంగని నేను.

గీజర్ వేసుకుంటే ఆ ఖర్చు మాయమైపోయిందని కాదు. అవే పది లీటర్లకి కరెంటు అర యూనిట్ కంటే కాస్త ఎక్కువ పడుతుంది. స్లాబును బట్టి మూడు నుంచి ఐదు రూపాయలు. అంటే గ్యాస్ బిల్లులోంచి కరెంటు బిల్లులోకి మారింది, అంతే. మిగిలింది మహా అయితే ఒకటి రెండు రూపాయలు. కానీ ఇప్పుడు ఏది ఎక్కడ ఖర్చవుతోందో తెలుసు.

పంపకం ఎలా?

ఇక మిగిలింది లోపలి పంచాయితీ. ఆ 27 రోజుల బండకి నలుగురం సమానంగా 239 చొప్పున వేసుకున్నాం. ఖమ్మం ఊరుకుంటాడా? "నేను చన్నీళ్లు పోసుకుని, మీ వేణ్నీళ్లకి డబ్బులు కట్టాలా?"

న్యాయమే. 955 రూపాయల్లో స్నానం వాటా, అంటే 14.2 కిలోల్లో 4.1 కిలోలకి, 276 రూపాయలు. అది నేనూ రాజమండ్రీ చెరి 138 పెట్టుకున్నాం. మిగిలిన 679 వంటది. దాన్ని నలుగురికి పంచితే తలా 170. చివరికి మేమిద్దరం 308 చొప్పున, వాళ్లిద్దరూ 170 చొప్పున. "వారంలో ఐదు రాత్రులు నేను ఆఫీసులోనే తింటా" అని ఖమ్మం ఇంకా తగ్గించబోయాడు. ఆదివారం బిర్యానీ దమ్ము ఎంతసేపు పెడతామో గుర్తు చేశాం. ఊరుకున్నాడు.

తినే పూటలు కూడా లెక్కపెట్టొచ్చు కానీ, ఇద్దరికి అన్నం వండినా నలుగురికి వండినా గ్యాస్ రెట్టింపు కాదు. అందుకే వంట వాటా సమానంగానే ఉంచాం. ఒకరిద్దరికి మాత్రమే పనికొచ్చే వాడకం ఏదైనా ఉంటే, దాన్ని మాత్రం విడిగా తీస్తాం.

జనవరి 3

డిసెంబర్ 17న బండలో 6.3 కిలోలు మిగిలింది. రోజుకి 370 గ్రాముల లెక్కన 17 రోజులు. జనవరి 2 రాత్రికి అయిపోతుందని కర్నూలు ఫ్రిజ్ మీద రాసిపెట్టాడు. జనవరి 3 పొద్దున, టీ పొంగే ముందు మంట ఆరింది. ఈసారి ఎవరూ అరవలేదు. నవంబర్ 30 నుంచి లెక్కేస్తే 34 రోజులు, నెల ఖర్చు 843 రూపాయలు. మొదటి పది రోజులు నీళ్లు కాచాం కాబట్టి 38 రాలేదు. అదీ లెక్కకి అందింది.

రీఫిల్ తెచ్చిన రోజు అన్న మామూలుగానే వచ్చాడు. ఈసారి చేతిలో త్రాసు కూడా ఉంది. మేం అడగలేదు, మా ఫ్లాట్ అని తెచ్చినట్టున్నాడు. అది చూసి నాకు తల కొట్టేసినట్టయింది.

"అన్నా, ఆ రోజు మాటన్నా. తప్పు నాదే. స్నానానికి నీళ్లు కాచి నేనే తగలబెట్టిన" అన్నాను.

ఆయన నవ్వాడు. "చలికాలం వస్తే శానా మంది గిదే అంటరు సార్. బండ తక్కువొచ్చిందంటరు" అని, త్రాసుకి బండ తగిలించాడు. "ఐనా చూస్కోండ్రి. చూస్కునుడు మంచిదే."

చూశాం. సరిపోయింది. పోయినసారిదీ ఈసారిదీ కలిపి వంద ఇచ్చాను. లోపలికి తెచ్చి, బండ మీద మార్కర్‌తో పెట్టే తేదీ కోసం ఖాళీ వదిలి గీత గీశాం.

ఇక్కడ వేసిన లెక్కలన్నీ 905 ధర మీద. మీరు చదివేసరికి ధర మారి ఉంటే ఆ అంకె మార్చేసుకోండి. రోజుల అంకె మాత్రం ఏ యాప్‌లోనూ, ఏ బిల్లులోనూ ఉండదు. అది మీ ఇంట్లో, మీరు రాసుకుంటేనే ఉంటుంది.